మేడిపండు ఏ అక్షరం దగ్గర విచ్చుకోవాలి? వేమన వర్ధంతి వీడియోకు ఆటవెలది చెప్పే లెక్క

శ్రీరామనవమి నాడు నల్లగొండ, పాలమూరు ఊళ్లలో పొద్దున్నుంచే మైకు మొదలవుతుంది. పందిరి, కల్యాణం, పానకం, వడపప్పు. వేమన సమాధి చెందింది కూడా అదే తిథి నాడని కదిరి దగ్గరి కటారుపల్లె సంప్రదాయం చెబుతుంది. బడి పంతుళ్లు, యువజన సంఘాల వాళ్లు, పద్యమంటే ఇష్టమున్న కుర్రవాళ్లు ఆ రోజు కోసం నిమిషం లోపు వీడియో చేసి గ్రూపుల్లో పెట్టడం ఇప్పుడు మామూలైంది. వాటిలో చాలావరకు ఒకటే తీరు. గడ్డంతో కూర్చున్న యోగి బొమ్మ, దాని మీద రాలే పూలు, వెనక వేణువు, నాలుగైదు పద్యాలు వరసగా. పద్యం దాని దారిన అది పోతుంటుంది, బొమ్మ దాని దారిన అది కదులుతుంటుంది.

ఇది తీరిక చాలకనో, చేతిలో మంచి సాఫ్ట్‌వేర్ లేకనో వచ్చే లోపం కాదు. బొమ్మ ఎప్పుడు మారాలో నిర్ణయించే ఆధారం లేకపోవడం వల్ల వస్తుంది. వేమన పద్యానికి ఆ ఆధారం ఛందస్సులోనే ఉంది. దాన్ని పట్టుకుంటే కాగితం కత్తిరించి ఫోనుతో ఫొటోలు తీసే పిల్లలు కూడా పద్యానికి అతికినట్టు బొమ్మ ఆడించగలరు.

ముందు తేదీ సంగతి. జనవరి 19ని వేమన జయంతిగా జరుపుతారు. దాన్నే వర్ధంతి అని రాసి పెట్టే కార్డులు ప్రతి ఏడూ కనిపిస్తాయి. సంప్రదాయం చెప్పే సమాధి తిథి శార్వరి నామ సంవత్సరపు శ్రీరామనవమి. ఇంగ్లిషు సంవత్సరం ఏదని అడిగితే మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మొన్నటి శార్వరి 2020 ఉగాదితో మొదలైంది. అరవై ఏళ్లకోసారి వెనక్కి లెక్కిస్తే 1960, 1900, 1840, 1780, 1720, 1660 వస్తాయి. ఈ వరసలో లేని సంవత్సరాన్ని శార్వరి పక్కన పెట్టి రాస్తే రెండింటిలో ఒకటి తప్పన్నమాట. వేమన ఏ కాలం వాడన్న దాని మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు కాబట్టి తెర మీద సంవత్సరం వేయకపోవడమే మేలు. తిథి చాలు.

ముఖం విషయమూ అంతే. ఆయన బతికుండగా గీసిన బొమ్మ అని నమ్మదగింది ఏదీ మన దగ్గర లేదు. 1947 నాటి యోగి వేమన సినిమాలో నాగయ్య వేషాన్ని తెచ్చి పెడితే అది నాగయ్యకు నివాళి అవుతుంది. వేమన ముఖం కంటే వేమన చూపించిన వస్తువు మనకు బాగా తెలుసు. బొమ్మ ఆ వస్తువుదే కావాలి.

ఇక పద్యం ఎంపిక. అసలు కష్టం ఇక్కడే ఉంది. వేమన పేరుతో తిరిగే పద్యాలు వేలల్లో ఉన్నాయి. చివర మకుటం తగిలిస్తే ఎవరు రాసిందైనా వేమన పద్యంలా వినిపిస్తుంది. సి.పి.బ్రౌన్ ప్రతులు పోగుచేసి 1829లో అచ్చు వేయించే నాటికే పాఠాలు రకరకాలుగా ఉన్నాయి. ఫోనులో వచ్చిన పద్యాన్ని అలాగే తీసుకోకుండా ఒక పాత అచ్చు ప్రతితో పోల్చుకోవాలి. ఆ తర్వాత గణాలు విడదీసి చూడాలి. గణాలు సరిపోయినంత మాత్రాన అది వేమనదే అని రుజువు కాదు. సరిపోకపోతే మాత్రం ఎక్కడో అక్షరం జారిపోయిందని ఖాయంగా చెప్పొచ్చు. ఆడవాళ్లనో, ఒక కులాన్నో కించపరిచే పద్యాలు కూడా సంకలనాల్లో ఉన్నాయి. నివాళి వీడియోకు వాటితో పని లేదు.

ఎంపికకు ఇంకో పరీక్ష ఉంది. పద్యంలో కంటికి కనిపించే పని ఒకటి జరగాలి. "ఉప్పు కప్పురంబు నొక్కపోలికనుండు" తెలియని వాళ్లు ఉండరు. బొమ్మకు సులువనిపిస్తుంది కూడా, రెండు పళ్లేల్లో రెండు తెల్లటి కుప్పలు. కానీ రెండో పాదం "చూడచూడ రుచుల జాడవేరు" అంటుంది. రుచిని ఎలా గీస్తారు? చాలామంది కర్పూరం వెలిగిస్తారు. మంట అందంగానే ఉంటుంది, కానీ పద్యంలో మంట లేదు. పద్యం రుచి గురించి మాట్లాడుతుంటే తెర మీద వెలుగు గురించి కథ నడుస్తుంది. పద్యం గొప్పదే, ఈ పనికి మాత్రం అనువుగా లేదు.

మేడిపండు పద్యం అలా కాదు. ఏం చేయాలో తనే చెబుతుంది:

మేడిపండు చూడ మేలిమై యుండును
పొట్ట విప్పి చూడ పురుగులుండు
పిరికివాని మదిని బింకమీలాగురా
విశ్వదాభిరామ వినురవేమ

మొదటి పాదంలో పండు పైపైన కనిపిస్తుంది. రెండో పాదంలో పొట్ట విప్పడం, లోపల చూడడం. మూడో పాదం దాన్ని మనిషికి అన్వయిస్తుంది. నాలుగోది మకుటం. వేమన పద్యాలు చాలావాటికి ఇదే కట్టు. ఇక్కడ కదలిక మనం కల్పించాల్సిన పని లేదు, "విప్పి" అన్న మాటలోనే ఉంది.

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి పడుతుంది. పదో తరగతి దాకా తెలుగు చదివిన వాళ్లకు ఇది కొత్త కాదు. మొదటి పాదం విడదీస్తే మేడి, పండు, చూడ, మేలిమై, యుండును. మొదటి అక్షరం మే, యతి స్థానంలో కూడా మే. రెండో పాదం పొట్ట, విప్పి, చూడ, పురుగు, లుండు. పొ కు పు తో యతి. మూడోది పిరికి, వాని, మదిని, బింకమీ, లాగురా. పి కి బిం తో యతి.

మొదటి పాదాన్ని చాలామంది "మేలిమై యుండు" అని ఆపేస్తారు. అలా ఆపితే చివరి గణం గురువు, లఘువు మాత్రమే అవుతుంది. అది సూర్యగణం. అక్కడ ఇంద్రగణం ఉండాలి. "యుండును" అంటే భ గణం సరిపోతుంది. ఆ ఒక్క "ను" పోతే చెవికి పెద్దగా తెలియకపోవచ్చు. బొమ్మ లెక్కలో మాత్రం మొదటి పాదం ఒక మాత్ర, అంటే ఒక లఘువు పలికేంత సేపు, తగ్గి, వెనకవన్నీ ముందుకు జరుగుతాయి.

ఇప్పుడు వీడియో చేసేవాళ్లకు పనికొచ్చే అసలు సంగతి. సూర్యగణం రెండు రకాలే, గురువు-లఘువు లేదా మూడు లఘువులు. గురువుకు రెండు మాత్రలు కాబట్టి రెండింటికీ మూడేసి మాత్రలే. ఆటవెలదిలో ఏ పాదం తీసుకున్నా మొదటి మూడు గణాలూ సూర్యగణాలే కాబట్టి యతి అక్షరం ఎప్పుడూ సరిగ్గా తొమ్మిది మాత్రల తర్వాతే వస్తుంది. పద్యం ఏదైనా ఈ తొమ్మిది మారదు. కొన్ని పద్యాల్లో యతికి బదులు ప్రాసయతి వేస్తారు, అప్పుడు కూడా స్థానం అదే. చెవి ఎదురుచూసే చోటు అది. బొమ్మలో మార్పు అక్కడ పడితే కావాలని చేసినట్టుంటుంది. అటో ఇటో పడితే ఎందుకో కుదరలేదనిపిస్తుంది, ఎందుకో చూసేవాళ్లు చెప్పలేరు.

దీన్ని బొమ్మల్లోకి మార్చడం సులువు. మామూలు చదువుడు వేగంలో మాత్రకు పావు సెకను అనుకుందాం. చేత్తో గీసిన బొమ్మలకు సెకనుకు 12 చాలు. అంటే మాత్రకు మూడు బొమ్మలు, సూర్యగణానికి తొమ్మిది, యతి దాకా ఇరవై ఏడు. రెండు, నాలుగు పాదాలు పదిహేనేసి మాత్రలు, కాబట్టి ఒక్కోదానికి 45 బొమ్మలు. మొదటి పాదం 18 మాత్రలకు 54, మూడో పాదం 19 మాత్రలకు 57. మొత్తం 201 బొమ్మలు, పదిహేడు సెకన్లకు కాస్త తక్కువ. పాదాల మధ్య ఆగే సమయం దీనికి అదనం.

201 గీయాలా అని భయపడనక్కర్లేదు. వేర్వేరుగా గీయాల్సినవి పదిహేడే.

మొదటి పాదమంతా పండు కొమ్మకు వేలాడుతూ కొద్దిగా ఊగుతుంది. దీనికి నాలుగు బొమ్మలు గీసి తిప్పితిప్పి వాడుకోవచ్చు. యతి దగ్గర, అంటే "మేలిమై" మొదలయ్యే చోట పండు మీద చిన్న తెల్లటి మెరుపు పెట్టాలి. అంతకు మించి ఇక్కడ ఏమీ జరగకూడదు. రెండో పాదం "పొట్ట" అన్న తొమ్మిది బొమ్మల్లో పండు ఊగడం ఆపి నిలబడుతుంది. "విప్పి" అన్న తొమ్మిది బొమ్మల్లో విచ్చుకుంటుంది. "చూడ" అన్న తొమ్మిదిలో రెండు చెక్కలుగా అలాగే ఉంటుంది, లోపల ముదురు రంగు తప్ప ఇంకేమీ కనిపించదు. "పురుగు" లోని పు దగ్గర పురుగులు కదలడం మొదలుపెడతాయి. వాటికి ఇంకో నాలుగు బొమ్మలు. ఈ వరసలో ఎక్కువగా జరిగే పొరపాటు "పొట్ట" అనగానే పండు తెరవడం. అలా చేస్తే "పురుగు" అన్న మాట వచ్చేసరికి పురుగులు పాతబడిపోతాయి. కంటికి తెలిసిన సంగతిని చెవి ఆలస్యంగా చెప్పినట్టవుతుంది.

మూడో పాదానికి బొమ్మ వేయడం దగ్గర అందరూ తడబడతారు. పిరికివాణ్ణి గీయాలనిపిస్తుంది. మెలేసిన మీసం, వణికే మోకాళ్లు. నవ్వు వస్తుంది, కానీ పద్యం పోల్చి చెప్పినదాన్ని విడిగా చూపిస్తే పోలిక తెగిపోతుంది. మేలైన దారి ఇంకోటి ఉంది. "పిరికివాని మదిని" అన్నంతసేపూ తెరిచిన పండే ఉండాలి, పురుగులు కదులుతూనే ఉండాలి. యతి స్థానంలో "బిం" రాగానే పండు మూసుకోవడం మొదలవ్వాలి. "విప్పి" కోసం గీసిన తొమ్మిది బొమ్మలనే వెనక నుంచి ముందుకు వాడితే చాలు. "బింకమీ" అయిదు మాత్రలు, పదిహేను బొమ్మల చోటు, కాబట్టి ఆ గణం పూర్తయ్యేలోపే పండు మూసుకుంటుంది. "లాగురా" అనేటప్పటికి అది మళ్లీ ఎర్రగా, నున్నగా ఊగుతూ ఉంటుంది. బింకమంటే పైతోలే అని వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. లోపల ఏముందో చూసినవాళ్లకు ఆ నునుపు ఇక ముందులా కనిపించదు. మకుటం దగ్గర కొత్త బొమ్మ వద్దు. అదే పండు, అదే ఊపు.

పండు ఎలా ఉంటుందో చెట్టు దగ్గరికి వెళ్లి చూడాలి. నెట్‌లో దొరికే బొమ్మల్లో అంజీరను కోసినవీ, ఆపిల్‌లోంచి తల బయటపెట్టిన ఆకుపచ్చ గొంగళిపురుగులూ ఎక్కువ. మేడి అలా ఉండదు. పండ్లు కొమ్మ చివర్ల కాయవు, మొద్దుకూ లావు కొమ్మలకూ గుత్తులుగా అంటుకుని కాస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, పండితే నారింజ కలిసిన ఎరుపు. అడుగున చిన్న కన్నం ఉంటుంది. లోపల ఉండేవి కందిరీగ జాతికి చెందిన నలకంత పురుగులు. గొంగళిపురుగుల్లా పాకేవి కావు, వాటిలో ఆడవాటికి రెక్కలుంటాయి. అందుకే పురుగులు గీసేటప్పుడు మెలికలు తిరిగే గీతలు కాకుండా నల్లటి చుక్కలు, వాటికి చిన్న రెక్కలు పెట్టాలి. చుక్కలు కదిలించడం గీతలు కదిలించడం కంటే తేలిక కూడా. మేడి వాగుల ఒడ్డునా, నీళ్లున్న చోటా పెరుగుతుంది. దత్తాత్రేయుడి గుడుల దగ్గర పూజలందుకునే చెట్టూ ఇదే. డిండి వాగు వెంట గానీ కృష్ణ ఒడ్డున గానీ వెతికితే దొరుకుతుంది. ఒక పండు తెచ్చి తెల్లకాగితం మీద పెట్టి విప్పి ఫొటో తీసుకుంటే, చార్టు కాగితంతో చేసే రెండు చెక్కలకు ఆకారం, రంగు అక్కడే తెలుస్తాయి. కాగితం ముక్కలు నేల మీద పరిచి, స్టూలు అంచుకు ఫోను కట్టి పైనుంచి తీస్తే సరిపోతుంది. గీసే అలవాటు ఉంటే క్రిటా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదే పని చేయొచ్చు.

ఇంతవరకు చెప్పింది కాగితం మీది లెక్క. మనిషి గొంతు గడియారం కాదు. బడిలో అప్పజెప్పే పిల్లలు మాత్రకు పావు సెకను కూడా తీసుకోరు, పరుగెత్తిస్తారు. భజనల్లో పాడే పెద్దలు ప్రతి పాదం చివరా రాగం తీస్తారు. అందుకే గొంతు ముందు రికార్డు చేయాలి, బొమ్మ దాని వెనక నడవాలి. బొమ్మ ముందు చేసి, దానికి తగ్గట్టు చదవమంటే చదివేవాళ్లు యతి దగ్గర తొందరపడతారు, లేదా అనవసరంగా ఆగుతారు. రికార్డింగు నవమికి నాలుగు రోజుల ముందే అయిపోవాలి, ఆ రోజు వీధిలో మైకు ఆగదు. రికార్డు చేసేటప్పుడు పంకా ఆపాలి. దక్షిణ తెలంగాణ యాస వినపడితే దాన్ని సరిదిద్దాల్సిన పని లేదు. గురువు, లఘువు నిలిస్తే చాలు.

రికార్డింగులో పెట్టుకోవాల్సిన గుర్తులు ఎనిమిది. ప్రతి పాదానికి మొదటి అక్షరం ఒకటి, యతి అక్షరం ఒకటి. మే-మే, పొ-పు, పి-బిం, వి-వి. ఎడిటింగు తెరలో ధ్వని గీత మీద ప, బ అక్షరాలు తేలిగ్గా దొరుకుతాయి, పెదవులు మూసుకున్నప్పుడు గీత పడిపోయి ఒక్కసారి లేస్తుంది. మ, వ మెల్లగా మొదలవుతాయి. అవి కంటికి దొరకవు, చెవితోనే పట్టాలి. ఎనిమిది గుర్తులు పడ్డాక మధ్యలో ఊగే బొమ్మలను గొంతుకు తగ్గట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. విచ్చుకునే తొమ్మిదిని మాత్రం ముట్టుకోకూడదు. పద్యం నెమ్మదిగా సాగితే, తెరిచి ఉంచిన పండు ఇంకాస్త సేపు ఉంటుంది, అంతే. పండే నెమ్మదిగా తెరుచుకుంటే విప్పిన చేయి అక్కడ లేదనిపిస్తుంది.

సరిచూసుకునేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వాడకూడదు. అందులో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం తమ పొరపాటనుకుని బొమ్మలను రెండు మూడు వెనక్కి జరిపేస్తారు. తర్వాత ఇంకొకరి ఫోను స్పీకరులో చూస్తే పురుగులు మాట తర్వాత వస్తుంటాయి. ఫోను స్పీకరుతో గానీ వైరు ఉన్న ఇయర్‌ఫోన్‌తో గానీ చూస్తే నిజం తెలుస్తుంది.

తెర మీద అక్షరాల విషయంలో తెలుగుకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు రెండున్నాయి. ఒక్కో అక్షరం టైపు అవుతున్నట్టు చూపించే ఎఫెక్టు ఇంగ్లిషు కోసం చేసింది. "విశ్వ"ను అది వి, శ, పొల్లు, వ అని ముక్కలు చేస్తుంది. వత్తు పడేలోపు "విశ్" అని ఒక క్షణం మెరిసి పోతుంది. "పొట్ట", "విప్పి" లకు కూడా ఇదే గతి. అందుకే పాదాన్ని యతి దగ్గర రెండుగా విరిచి సగం సగం చూపించాలి, "మేడిపండు చూడ" ఒక వరస, "మేలిమై యుండును" కింద వరస. నిలువు తెరకు ఈ వెడల్పు సరిగ్గా సరిపోతుంది. గణాల లెక్కన "బింకమీ", "లాగురా" అని విరిచి చూపితే మాత్రం చదివేవాళ్లకు అర్థం కాదు. గణం చెవి కోసం, మాట కంటి కోసం. రెండో చిక్కు, డీటీపీ షాపులో అను ఫాంటుతో కొట్టించిన పద్యం. దాన్ని ఎడిటర్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసుకుని మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు వాడుకోవచ్చు. వరసల మధ్య ఎడం కాస్త ఎక్కువ పెట్టాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. తెర అడుగు భాగం వదిలేయాలి, అక్కడ యాప్ రాతలు వస్తాయి.

ఎన్ని పద్యాలు పెట్టాలన్న ప్రశ్నకు ఈ లెక్కే జవాబిస్తుంది. మొదటి పాదం తర్వాత అర సెకను, పురుగుల దగ్గర ఒక సెకను, మూడో పాదం తర్వాత అర సెకను, చివర రెండు సెకన్లు ఆగితే ఒక పద్యం ఇరవై ఒక్క సెకన్లకు చేరుతుంది. నిమిషంలో మూడు దూర్చాలంటే ఆగడాలు పోతాయి, లేదా మొదటి రెండింటికి మకుటం కోసేస్తారు. మకుటం కోసిన ఆటవెలదికి నాలుగో పాదం ఉండదు, పద్యం గాల్లో ఆగిపోతుంది. ఒక పద్యంతో వీడియో ముగించడమే మంచిది. రెండోది కావాలంటే అది కూడా కంటికి కనిపించే పని ఉన్నదై ఉండాలి.

వీడియో నేరుగా ఊగే పండుతో మొదలవ్వాలి, పేరు కార్డుతో కాదు. కార్డు చివర నాలుగు సెకన్లు చాలు. దాని మీద మూడు వరసలు: "వేమన", "శ్రీరామనవమి, సంప్రదాయం చెప్పే సమాధి తిథి", "కటారుపల్లె, శ్రీసత్యసాయి జిల్లా". పద్యం చదివినవాళ్ల పేరు, బొమ్మ ఆడించినవాళ్ల పేరు నాలుగో వరసలో, కాస్త చిన్న అక్షరాల్లో వేస్తే సరిపోతుంది.